కుడి భుజాన బస్తా, ఎడమ తుంటిపై భారం

మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన బియ్యం బస్తా, సిమెంటు బస్తా 50 కిలోలే కాబట్టి కాగితం మీద ఇబ్బందేమీ లేదు. కానీ ఆ 50 కిలోలు ఒంటి మీద ఎక్కడ కూర్చుంటాయన్నది ఈ అంకె చెప్పదు. హమాలీ నడుము భవిష్యత్తు తేలేది అక్కడే.

60 కిలోల మనిషి నెత్తిన బస్తా పెట్టుకుంటే బరువు వెన్నుపూసల మీదుగా నిట్టనిలువుగా దిగుతుంది. నడుము దగ్గర పడేది బస్తా 50, పై ఒళ్ళు దాదాపు 35, మొత్తం 85 కిలోలు. ఇబ్బందల్లా మెడకే. మెడ డిస్కులు నడుము డిస్కుల కంటే చాలా చిన్నవి కాబట్టి వాటి మీద ఒత్తిడి ఎక్కువ. చుట్టకుదురు బస్తాను కుదురుగా నిలిపి, మాడు మీది ఒత్తిడిని పరుస్తుందే తప్ప మెడ మీది బరువును తగ్గించదు.

అదే బస్తాను కుడి భుజాన వేసుకుంటే అది వెన్నుకు సుమారు 15 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఒళ్ళు కుడివైపు ఒరిగిపోకుండా ఎడమ నడుము కండరాలు లాగిపట్టాలి. అవి వెన్నుకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి కనుక మూడు రెట్ల బలం, అంటే 150 కిలోలు లాగాలి. ఆ లాగుడు కూడా డిస్కు మీదే పడుతుంది. 85 కాస్తా 235 అవుతుంది.

నడకలో ఇంకా విచిత్రం. ప్రతి అడుగులో ఒక క్షణం ఒళ్ళంతా ఒంటికాలి మీదే ఉంటుంది. తుంటి కీలు ఒంటి మధ్యగీతకు 10 సెంటీమీటర్ల దూరంలో, పక్క కండరం కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. ఆనిన కాలు పోను కీలు మోసే ఒళ్ళు దాదాపు 50 కిలోలు. కండరం లాగుడు కూడా కలిపితే, బరువు లేకుండా నడిచేటప్పుడు కీలు మీద 150 కిలోలు, నెత్తిన బస్తా ఉంటే 300. కుడి భుజాన మోస్తూ నిటారుగా నడిస్తే, కుడికాలు ఆనినప్పుడు 150 దగ్గరే ఆగుతుంది, ఎడమకాలు ఆనినప్పుడు 450కి చేరుతుంది. బస్తా ఎడమ కీలుకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉండటమే కారణం.

అందుకే అనుభవమున్న హమాలీ ఎడమవైపు వంగి, బస్తాను భుజం నుంచి మెడ వెనక్కి లాక్కుంటాడు. చూసేవాళ్ళకు వంకరగా అనిపించే ఆ నడకే లెక్కకు సరైనది. అయితే మెడ కూడా పక్కకు వంగి, అక్కడి నరాలు నొక్కుకుంటాయి. చేతివేళ్ళు తిమ్మిరెక్కడం, ఎడమ తుంటి పక్కన నొక్కితే నొప్పి పుట్టడం, ఒంటికాలిపై నిలబడితే నడుము ఒరగడం మొదటి గుర్తులు. భుజం మార్చుకుంటే ఒక పక్క తుంటికే అరుగుదల పడదు. కానీ చాలామందికి అలవాటైన భుజం ఒక్కటే.

వీటన్నిటికంటే ప్రమాదం బస్తాను నేల మీంచి ఎత్తే ఘడియ. అప్పుడది నడుముకు 40 సెంటీమీటర్ల ముందుంటుంది. వెన్ను కండరాలు దాదాపు 400 కిలోలు లాగాలి. ఎత్తించడానికి ఇద్దరుండాలనే పాత పద్ధతికి కారణమిదే. బస్తాకింత అని కూలి కట్టే చోట, ఇద్దరూ ఎత్తించే పనిలో ఉంటే మోత తగ్గి కూలీ తగ్గుతుంది, అందుకే ఒక్కడే ఎత్తుకుంటాడు. యార్డుల్లో బస్తా బరువు తగ్గించడంకంటే ముందు, బస్తాలు దించేందుకు భుజమెత్తు అరుగు కట్టించడం చవక.