బ్లడ్ గ్రూపు వేరైతే మేనరికానికి ఢోకా లేదా?

“మేనరికం అంటే భయపడాల్సిన పనే లేదు. గోత్రం వేరు, బ్లడ్ గ్రూపులు వేరు అయితే చాలు. మన తాతముత్తాతలంతా మేనరికాలే, ఎవరికేమైంది? ఇప్పుడైతే టిఫా స్కాన్‌లో అన్నీ తెలిసిపోతాయి. మొదటి బిడ్డకి ఏదైనా అయినా రెండోసారి రాదు. జెనెటిక్ కౌన్సెలింగ్ అంతా డబ్బులు గుంజే పని, వెళ్తే పెళ్లే వద్దంటారు.”

నేను హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలింగ్‌లో పని చేస్తాను, ఈ మెసేజ్ మా ఇంటి గ్రూపులోకే వచ్చింది కాబట్టి ఒక్కొక్కటిగా చెప్తా.

ముందు బ్లడ్ గ్రూపు. మా దగ్గరికొచ్చే చాలామంది కుర్చీలో కూర్చోగానే “సార్ ఆయనది బీ పాజిటివ్, నాది ఓ పాజిటివ్, సో ప్రాబ్లం లేదు కదా” అంటారు. ఏ, బీ, ఓ అనేది ఒకే ఒక్క జీన్ తేల్చే విషయం, మనిషిలో జీన్లు దాదాపు ఇరవై వేలు. తల్లిది ఏ, తండ్రిది బీ అయితే ఒకే కడుపున పుట్టిన నలుగురికి నాలుగు గ్రూపులు రావొచ్చు, అంతమాత్రాన వాళ్లు పరాయివాళ్లు అయిపోతారా? గ్రూపు వేరు అంటే ఆ ఒక్క చోట వేరు, మిగతా జీన్ల గురించి అది ఏమీ చెప్పదు. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో కొంత ఊహించొచ్చు, తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే వచ్చే ఇబ్బంది ఒకటుంది, దానికి 28వ వారంలో ఒకసారి, బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకోసారి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. అది అసలు వేరే సంగతి, పరాయి సంబంధంలోనూ వస్తుంది.

గోత్రం కూడా అంతే. ఇంటిపేరు, గోత్రం తండ్రి వైపు నుంచి వస్తాయి, జీన్లు మాత్రం తల్లి నుంచి సగం తండ్రి నుంచి సగం వస్తాయి. మేనత్త కూతురికి గోత్రం వేరే అయినా నానమ్మ, తాత వాళ్లే కదా. పాతబస్తీలో చిన్నాన్న కూతుర్ని చేసుకునే ముస్లిం కుటుంబాలూ, వాళ్లని చూసి “మనలో అలా చేసుకోరు” అని మేనత్త కూతుర్ని చేసుకునే మనవాళ్లూ, లెక్కలో ఒకటే: ఇద్దరికీ ఎనిమిదో వంతు జీన్లు కలుస్తాయి. మేనమామని చేసుకుంటే నాలుగో వంతు.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే అసలు కీలకం ఇదే. దాదాపు ప్రతి జీన్ మనలో రెండు కాపీలు ఉంటుంది. ఒకటి పాడైనా రెండోది పని చేస్తే చాలా జబ్బుల్లో మనిషికి ఏమీ అవ్వదు, వాళ్లనే క్యారియర్ అంటారు. అలాంటి పాడైన కాపీలు కొన్ని మనందరిలోనూ ఉంటాయి, మేనరికం చేసుకున్నవాళ్లలో మాత్రమే కాదు. అబ్బాయి నాన్న, అమ్మాయి తల్లి సొంత అన్నాచెల్లెళ్లు అనుకోండి, అంటే అబ్బాయికి నానమ్మ, అమ్మాయికి అమ్మమ్మ ఒక్కరే. ఆ పెద్దావిడలో ఒక పాడైన కాపీ ఉంది. అది కొడుక్కి వచ్చే ఛాన్స్ రెండులో ఒకటి, అక్కణ్నుంచి మనవడికి నాలుగులో ఒకటి. అటువైపు మనవరాలికీ నాలుగులో ఒకటే. ఇద్దరికీ అదే కాపీ ఉండే ఛాన్స్ పదహారులో ఒకటి, ఇద్దరూ క్యారియర్లయితే బిడ్డకి రెండు పాడైన కాపీలూ వచ్చే ఛాన్స్ మళ్లీ నాలుగులో ఒకటి. మొత్తం 64లో ఒకటి. అదే అబ్బాయి బయటి సంబంధం చేసుకున్నాడు, బయట ఆ కాపీ 200 మందిలో ఒకరికే ఉంది అనుకుంటే లెక్క 3200లో ఒకటికి పడిపోతుంది. జబ్బు ఎంత అరుదైనదైతే తేడా అంత పెద్దది. పెళ్లికొడుకు మేనమామే అయితే ఆవిడ అతనికి తల్లే కాబట్టి ఒక మెట్టు తగ్గి 32లో ఒకటి అవుతుంది.

ఇంతా చదివి కంగారు పడకండి, ఎందుకంటే ఇది ఒక్క జీన్ లెక్క, అది కూడా ఆవిడలో ఉందని ముందే అనుకున్నాం. అన్నీ కలిపి చూస్తే ఏ జంటకైనా పుట్టుకతో పెద్ద లోపం ఉండే ఛాన్స్ నూటికి రెండు మూడు, మేనబావ మరదళ్లకి అది నాలుగు నుంచి ఆరు దాకా వెళ్తుంది, మేనమామతో అయితే ఇంకా ఎక్కువ, తరతరాలుగా అదే ఇంట్లో తిరిగి తిరిగి చేసుకుంటే ఇంకా పైకి. అంటే మేనబావ మరదళ్ల పిల్లల్లోనూ వందలో తొంభై నాలుగు మందో ఇంకా ఎక్కువమందో బాగానే పుడతారు. “మేనరికం చేసుకుంటే అవిటి పిల్లలే” అనేవాళ్ల మాట కూడా ఈ ఫార్వర్డ్ అంత తప్పే.

తాతముత్తాతల వాదన బలంగా కనిపించేది కూడా అందుకే, చాలామందికి నిజంగా ఏమీ అవ్వలేదు. ఏదైనా జరిగిన పిల్లలు ఏమయ్యారో మేము అడుగుతాం. నానమ్మకి ఎన్ని కాన్పులు, ఎంతమంది బతికారు అంటే “తొమ్మిది కాన్పులు, ఐదుగురం మిగిలాం” అంటారు. మిగతా నలుగురు? బాలారిష్టం, గాలి సోకింది, ఫిట్స్ వచ్చి పోయాడు. అందులో చాలా వరకు విరేచనాలో న్యుమోనియానో అయ్యుంటుంది, కొన్ని వంశపారంపర్య జబ్బులు అయ్యుండొచ్చు, అప్పట్లో పేరు పెట్టే దారే లేదు. బతికున్నవాళ్లని మాత్రమే లెక్కపెడితే ఏ కుటుంబమైనా ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

ఇక స్కాన్. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు, అది చూసేది బిడ్డ ఆకారం: గుండె గదులు, వెన్నెముక, కిడ్నీలు, పెదవి. తల్లి రక్తంతో చేసే డబుల్ మార్కర్, ఎన్‌ఐపీటీ టెస్టులు ముఖ్యంగా చూసేది డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ లెక్క తేడాలు. మేనరికంలో పెరిగే జబ్బుల్లో చాలావాటికి ఆకారంలో తేడా ఉండదు. తలసీమియా బిడ్డ స్కాన్‌లో మామూలుగానే ఉంటుంది, పుట్టుచెవుడు స్కాన్‌లో దొరకదు.

మా ఓపీలో పదే పదే వినే కథ ఇలా ఉంటుంది. మేనమామని చేసుకున్న అమ్మాయి, స్కాన్లన్నీ నార్మల్, మూడు కిలోల బాబు, పుట్టగానే ఏడ్చాడు, పాలు తాగాడు. మూడో రోజుకి పాలు తాగడం మానేశాడు, మత్తుగా పడుకునే ఉంటున్నాడు, “పిల్లాడు నిద్రపోతున్నాడులే” అని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, నాలుగో రోజు ఊపిరి వేగంగా పీలుస్తుంటే ఎన్‌ఐసీయూలో పెట్టారు, ఆరో రోజు పోయాడు. పేపర్ మీద సెప్సిస్ అని రాశారు, కానీ బ్లడ్ కల్చర్‌లో క్రిమి ఏదీ పెరగలేదు. ఇలాంటి కథ వింటే మాకు ముందు వచ్చే అనుమానం మిథైల్‌మలోనిక్ అసిడీమియా లాంటి మెటబాలిక్ జబ్బు. ప్రొటీన్‌ని అరిగించే ఒక ఎంజైమ్ పని చెయ్యదు, కడుపులో ఉన్నన్నాళ్లూ అలా మిగిలిపోయే చెత్తని మాయ ద్వారా తల్లి ఒళ్లే తీసేస్తుంది, అందుకే స్కాన్ నార్మల్, పుట్టుక నార్మల్. పాలు మొదలయ్యాక విషం పేరుకుంటుంది.

అప్పుడు చెయ్యాల్సిన టెస్టులు ఉన్నాయి: రక్తంలో అమోనియా (శాంపిల్‌ని ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కి పంపాలి, ఆలస్యమైతే అంకె తప్పుగా పెరిగిపోతుంది), బ్లడ్ గ్యాస్, మడమ నుంచి తీసి కార్డు మీద ఆరబెట్టిన రక్తంతో టీఎమ్‌ఎస్ అనే మెటబాలిక్ జబ్బుల టెస్టు, మూత్రంలో ఆర్గానిక్ ఆసిడ్స్. టైముకి పట్టుకుంటే కొందరు బతుకుతారు, బీ12కి స్పందించే రకాలూ ఉన్నాయి. బిడ్డ దక్కేలా లేకపోయినా ఈడీటీఏ ట్యూబులో, అదే ఊదారంగు మూత ట్యూబులో, రెండు మూడు ఎంఎల్ రక్తం తీసి డీఎన్‌ఏ దాచమని అడగాలి. ఆ క్షణంలో అడగడం ఎంత కష్టమో తెలుసు, అయినా తరువాతి కాన్పుకి ఉన్న తాళంచెవి దాదాపు అదొక్కటే.

ఎందుకంటే రెండోసారి రాదు అన్న మాటకి ఆధారమే లేదు. ఇద్దరూ క్యారియర్లని తేలితే ప్రతి గర్భంలోనూ మళ్లీ నాలుగులో ఒకటే, వచ్చిన బిడ్డని లెక్కలోంచి తీసేసి కోటా అయిపోయింది అనుకోవడానికి లేదు. వరసగా ఇద్దరికి రావొచ్చు, నలుగురు పుట్టినా ఎవరికీ రాకపోవచ్చు.

ఆ బాబు డీఎన్‌ఏ ఉంటే పని సూటిగా సాగుతుంది. దాదాపు జీన్లన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ టెస్టులో ఫలానా జీన్‌లో రెండు కాపీలూ ఒకే చోట పాడయ్యాయని దొరుకుతుంది, తల్లిదండ్రుల్లో చెరొక కాపీ ఉందని నిర్ధారిస్తారు. తరువాతి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి, దాన్నే సీవీఎస్ అంటారు, ఆ ఒక్క మార్పు కోసమే చూస్తారు. తల్లి కణాలు కలిసిపోయి తప్పు రిపోర్టు రాకుండా తల్లి రక్తంతో పోల్చి చూస్తారు. అనుభవం ఉన్న చేతుల్లో గర్భం పోయే రిస్క్ నూటికి ఒకటి కంటే తక్కువ. టైము దాటితే 16 వారాల తరువాత ఉమ్మనీరు తీస్తారు. ఆడా మగా మాత్రం చెప్పరు, అడగొద్దు కూడా, నేరం. గర్భం రాకముందే అయితే ఐవీఎఫ్‌లో పిండాన్ని టెస్టు చేసే దారీ ఉంది, ఖర్చు ఎక్కువ, ప్రతిసారీ సక్సెస్ కాదు.

డీఎన్‌ఏ లేకపోతే భార్యాభర్తలిద్దరి ఎక్సోమ్ చేసి ఇద్దరిలోనూ ఒకే జీన్ పాడైందేమో వెతుకుతాం. దొరికితే మంచిదే, కానీ ఆ బాబు దానివల్లే పోయాడని రుజువు కాదు. కొన్నిసార్లు అర్థం తేలని మార్పు వస్తుంది, రిపోర్టులో వీయూఎస్ అని ఉంటుంది, దాన్ని పట్టుకుని గర్భం తీయించుకోకూడదు. ఎస్‌ఎమ్‌ఏ అనే కండరాల జబ్బుని మామూలు ఎక్సోమ్ తరచూ వదిలేస్తుంది, దానికి వేరే టెస్టు అడగాలి. అంతా నెగెటివ్ వచ్చినా రిస్క్ తగ్గుతుందే కానీ సున్నా అవ్వదు.

డబ్బు విషయానికొస్తే మొదటి మెట్టుకి టెస్టులే అక్కర్లేదు, మూడు తరాల వంశవృక్షం గీయడం, దగ్గరి చుట్టాల్లో పెళ్లి చేసుకున్న జంటల మధ్య రెండు గీతలు వెయ్యడం, అంతే. తరువాత ఇద్దరికీ సీబీపీ, తలసీమియా కోసం హెచ్‌పీఎల్‌సీ, ఇది ఖరీదైనదేం కాదు. పెద్ద టెస్టులు కథని బట్టి. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, కార్పొరేట్ ఆసుపత్రే కానక్కర్లేదు. పెళ్లి చేసుకోవాలా వద్దా అని మేము చెప్పం, చెప్పకూడదు కూడా, లెక్క ఇదీ, దారులు ఇవీ అని చెప్తాం, నిర్ణయం వాళ్లది. పెళ్లయి ఏళ్లు గడిచిన జంటకి “ఎందుకు చేసుకున్నారు” అని ఎవరైనా డాక్టర్ అంటే అది కౌన్సెలింగ్ కాదు, చీవాట్లు.

వచ్చేది గర్భానికి ముందే రండి, కుదరకపోతే ఆరేడు వారాలకే రండి, టిఫా దాకా ఆగితే సీవీఎస్ టైము దాటిపోయి, ఉమ్మనీటి రిపోర్టు చేతికొచ్చేసరికి 20 వారాలు దాటి, గర్భం తీయించుకోవాలనుకుంటే వ్యవహారం ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం, 24 దాటితే మెడికల్ బోర్డు దాకా పోతుంది. పోయిన బిడ్డ డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ పేపర్లు, ఫొటోలు, వీడియోలు ఉంటే అన్నీ తెండి, బాధగా ఉందని పారేయకండి. కుదిరితే కాన్పులన్నీ గుర్తున్న ఒక పెద్దావిడని వెంట తీసుకురండి, వంశవృక్షం ఆవిడ చెప్తుంటేనే సరిగ్గా పడుతుంది.