సారీలతోనే సగం మెయిల్

మా చిన్న ఆఫీసుకు పని అడుగుతూ ఫ్రీలాన్సర్లు పంపే మెయిళ్లు చదివేది నేనే. ఫోన్‌లో మెయిల్ తెరవకముందే సబ్జెక్టు, దాని కింద ఒకటి రెండు లైన్లు కనిపిస్తాయి. ఆ కాస్త చోటులో ఏం రాస్తారో తెలుసా? "డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ సార్. మీరు బిజీగా ఉంటారని తెలుసు. జస్ట్ ఒకసారి అడుగుదామని..." ఎవరో, ఏం పని చేస్తారో, ఏం కావాలో ఒక్క ముక్క ఉండదు. (నేను సార్ కాదు, మేడమ్ అని కూడా చూసుకోరు.)

మొన్న ఒకమ్మాయి రాసింది: "మీ వెబ్‌సైట్‌లో చిన్న తప్పులున్నాయేమో అనిపించింది, నేను పొరబడి ఉండొచ్చు, టైమ్ ఉంటేనే చూడండి." తీరా చూస్తే ధరల పేజీలో ఒత్తులన్నీ విడిపోయి ఉన్నాయి. కళ్లెదుట ఉన్న తప్పుకు 'ఏమో' ఎందుకమ్మా! "మీ ధరల పేజీలో ఒత్తులు విడిపోతున్నాయి. స్క్రీన్‌షాట్ జత చేశాను. రెండు రోజుల్లో సరిచేస్తాను. గురువారం ఫోన్‌లో మాట్లాడదామా?" అని రాసుంటే, చదివిన వెంటనే ఫోన్ చేసేదాన్ని.

మర్యాద వద్దనడం లేదు. 'గారు' ఉండాలి, నమస్కారం ఉండాలి. "ఫైళ్లు చూశాకే ఖర్చు చెప్పగలను" అంటే అది నిజాయితీ. గడువు దాటితే సారీ చెప్పాల్సిందే. కానీ మెయిల్ పంపడమే నేరమైనట్టు ఆ వేడుకోలేంటి? పైగా చివర్లో "వద్దనుకున్నా పర్వాలేదు సార్" అట. వద్దనే మాట కూడా వాళ్లే చెప్పేస్తే, ఇక నేనేం రిప్లై ఇవ్వాలి?