ఇంటర్వ్యూకో నాయనమ్మ

హనుమకొండలో నాయనమ్మల ప్రాణాలకు భరోసా లేదు. మనవడికి గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూ ఖాయమైందంటే, బుధవారం అర్ధరాత్రికల్లా ఆమె పోవాల్సిందే. "నాయనమ్మ ఎక్స్‌పైర్డ్ సార్, పోస్ట్‌పోన్ చేయండి" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క. తెల్లారి హెచ్‌ఆర్ మేడమ్ ఓదారుద్దామని ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? నాయనమ్మే. "పిలగాడు పరీక్షకు పోయిండు బిడ్డా, ఫోన్ ఇంట్లనే పెట్టిండు." సంతాపం ఎవరికి చెప్పాలో తెలియక మేడమ్ ఫోన్ పెట్టేస్తుంది. సాయంత్రం వాడి స్టేటస్‌లో స్వర్గస్థురాలు వేయిస్తంభాల గుడి కాడ బతుకమ్మ ఆడుతుంటుంది, ఒక్క చప్పట తప్పకుండా.

ఇంతకీ దాచిన నిజమేంది? వానలకు ఆగిన సెమిస్టర్ పరీక్షను యూనివర్సిటీ అదే గురువారం పొద్దుటికి పెట్టింది. ఇంత నికార్సైన కారణాన్ని చేతిలో పెట్టుకుని ముసలామెను చంపుడెందుకు?

కొత్త టైంటేబుల్ సోమవారం సాయంత్రం వచ్చింది. మంగళవారం ఆఫీసు తెరిచే వేళకు ఫోన్ చేసి, ఇంటర్వ్యూ ఖాయం చేసిన మెయిల్‌కే వెంటనే జవాబుగా రాయాలి. కొత్త మెయిల్ మొదలుపెడితే మీరెవరో, ఏ ఉద్యోగానికో మేడమ్ మళ్లీ వెతుక్కోవాలి. క్యాలెండర్‌లో No నొక్కి ఊరుకుంటే, ఉద్యోగమే వద్దన్నారనుకుంటారు.

"మేడమ్, గురువారం 11 గంటల ఇంటర్వ్యూకు వస్తానని ఒప్పుకున్నాను. వాయిదా పడిన సెమిస్టర్ పరీక్షను నిన్న సాయంత్రం అదే పూటకు మార్చారు. టైంటేబుల్ జత చేశాను. శుక్రవారం 11 నుంచి 1, శుక్రవారం 3 నుంచి 5, సోమవారం 10 నుంచి 1 మధ్య ఎప్పుడైనా సిద్ధం. ఇబ్బందికి మన్నించండి." ఇంతే. వారం పక్కన తేదీ కూడా వేయాలి. క్షమాపణ ఒక్కసారి చాలు, నాలుగుసార్లు చెబితే అనుమానమొస్తుంది.

"మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే" అనేది వినయం కాదు, పని అవతలివాళ్ల నెత్తిన పెట్టడం. ప్యానెల్‌లో ఇద్దరుంటే ఆ ఇద్దరి ఖాళీ కుదరాలి, అందుకే మూడు వేళలు. వాళ్లు కొత్త వేళ ఖాయం చేసేదాకా పాతది బతికే ఉన్నట్టు. బుధవారం మధ్యాహ్నానికీ ఉలుకూ పలుకూ లేకపోతే మళ్లీ ఫోన్ చేయాల్సిందే. రెండోసారి మార్చమని అడిగారో, ఇక ఏ మెయిలూ కాపాడదు.

మర్యాద పాఠాలన్నీ పిలగాండ్లకేనా? కాజీపేటలో చీకటితోనే బండెక్కి, మాదాపూర్‌ దాకా పోయి, గేటు కాడ నిలబడ్డోనికి "ప్యానెల్ సార్ బిజీ, రేపు రా" అని సెక్యూరిటీతో చెప్పిస్తరు. ఫోన్ లేదు, మెయిల్ లేదు, మూడు వేళలు లేవు. రానుపోను టికెట్ పైసలు ఎవడిస్తడు? వాడు ఒక్కపూట మార్చమంటే "సీరియస్‌నెస్ లేదు" అని రాసుకునే చెయ్యి, ముందురోజు ఒక్క మెసేజ్ కొట్టడానికి పడిపోయిందా? కనీసం ఆ సార్ నాయనమ్మ పోయిందనన్నా చెప్పరాదూ!