మిర్యాలగూడ ఎండలో సన్‌రూఫ్

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు అమెరికా నుంచి కారు కొనిపెట్టే వాళ్లలో నేనూ ఒకణ్ణి. మిర్యాలగూడలో ఉండే నాన్న ‘ఏసీ బాగుంటే చాలు’ అన్నారు. న్యూజెర్సీలో కూర్చున్న నేను సన్‌రూఫ్ ఉన్నదే కావాలని పట్టుబట్టాను. అది లేని రకంలో ఇంజనూ అదే, ఎయిర్‌బ్యాగులూ అవే. తేడా 1.2 లక్షల రూపాయలు. డబ్బు నాది కాబట్టి మాట కూడా నాదే నెగ్గింది. నాలుగేళ్ల తర్వాత చెబుతున్నాను, ఆ 1.2 లక్షలు దండగ.

నేను లెక్కలోకి తీసుకోనిది సూర్యుణ్ణి. న్యూజెర్సీ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. చలికాలం మధ్యాహ్నం కూడా ఇక్కడ ఎండ ఏటవాలుగానే పడుతుంది. ఆ కాస్త వెచ్చదనం లోపలికి వస్తే హాయిగానే ఉంటుంది. మిర్యాలగూడ ఉన్నది 17 డిగ్రీల దగ్గర. మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. అంటే ఎండ మండిపోయే రోజుల్లో దాని దెబ్బంతా కారు పైకప్పు మీదే. సన్‌రూఫ్ అద్దానికి నల్లరంగు ఉంటుంది, కింద గుడ్డ తెర ఉంటుంది, నిజమే. కానీ వెలుగును ఆపిన అద్దం తానే కాలిపోతుంది, ఆ సెగ తెర దాటి తలకు తగులుతుంది. నాన్న వేసవి మొత్తంలో ఆ తెరను ఒక్కసారి కూడా జరపలేదు.

సెగ భరించవచ్చు. అసలు తలనొప్పి రెండో ఏడాది తొలకరికి మొదలైంది. రాత్రి వాన పడింది. పొద్దున డ్రైవర్ సీటు ముందున్న మ్యాట్ ఎత్తితే కింద కార్పెట్ నుంచి నీళ్లు ఊరాయి. పక్క వీధి షాపతను అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పాడైందని చెప్పి జిగురు పూశాడు. మళ్లీ వాన పడింది, మళ్లీ నీళ్లు వచ్చాయి.

ఎందుకంటే ఆ రబ్బరు పని నీటిని పూర్తిగా ఆపడం కాదు. కొంత నీరు దాన్ని దాటి వస్తుందనే లెక్కతోనే అద్దం కింద చుట్టూ ఒక తొట్టి పెడతారు. దాని మూలల నుంచి పెన్సిలంత సన్నని గొట్టాలు తలుపుల పక్కనున్న స్తంభాల లోపలి నుంచి దిగి, నీటిని చక్రాల దగ్గర బయటికి వదులుతాయి. గొట్టం మూసుకుపోతే తొట్టి పొంగుతుంది. ఆ నీరు పైకప్పు గుడ్డలోకీ, అక్కడి నుంచి సీటు కిందికీ చేరుతుంది. సీట్ల కింద వైర్ల జోడింపులు ఉంటాయన్నది మరో భయం.

మా కారు నిలిచేది ఇంటి ముందు వేపచెట్టు కింద. ఉగాదికి పచ్చడిలో వేసుకునే ఆ పూతే రోజూ కారు మీద రాలేది. దానికి తోడు మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు, గాలిలో ఊక బూడిద. రెండో మెకానిక్ అద్దం తెరిచి, ముందు మూలలో వేలు పెట్టి తీసి చూపించింది ఈ రెండూ కలిసి గట్టిపడిన గోధుమ రంగు ముద్దను. తర్వాత చిన్న గ్లాసుతో ఎడమ మూలలో మెల్లగా నీళ్లు పోశాడు. కొన్ని క్షణాల్లో ముందు చక్రం పక్కన చుక్కలు పడ్డాయి. కుడి మూలలో పోసిన నీళ్లు అక్కడే నిలబడ్డాయి. ఇంతకన్నా పరీక్ష అక్కర్లేదు. వానాకాలం ముందు ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు.

‘కంప్రెసర్ గాలి కొడితే పోదా?’ అని నాన్న అడిగారట. ‘వద్దు సార్, లోపల గొట్టం జాయింటు ఊడిందంటే పైకప్పంతా దించాలి’ అని అతను మెత్తని నైలాన్ తీగతో ముద్దను కదిలించాడు. కార్పెట్ కింది స్పాంజి ఆరడానికి సీట్లు విప్పి నాలుగు రోజులు ఎండబెట్టారు. ఖర్చు 14 వేలు. బీమా వాళ్లు ఇది ప్రమాదం కాదు, నిర్వహణ లోపమని ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. పాపం, కారు మాన్యువల్లో ఆ గొట్టాలు శుభ్రం చేయమని రాసి ఉంది కూడా. చదివిందెవరు?

ఈ ఏడాది కారు అమ్మాం. కొనడానికి వచ్చినతను సన్‌రూఫ్ చూసి ముచ్చటపడలేదు. పైకప్పు గుడ్డను మూలల్లో చేత్తో తడిమి, మ్యాట్ ఎత్తి వాసన చూశాడు. కుడి మూలలో టీ మరకలాంటి వలయం కనిపించగానే బేరం అక్కడి నుంచి మొదలుపెట్టాడు. అదే ఏడాది, అదే బండి, సన్‌రూఫ్ లేనిదానికంటే మాకు ఎక్కువ వచ్చింది 15 వేలు మాత్రమే. హైదరాబాద్‌లో సెల్లార్‌లో నిలిపే మరక లేని బండికి, కుర్రవాళ్లు అడిగే చోట, ఇంకొంచెం పలికేదేమో. అయినా పెట్టిన 1.2 లక్షల దరిదాపులకు వస్తుందని మాత్రం నేను నమ్మను.

కొత్త కారును ఈసారి నాన్నే ఎంచుకున్నారు, రేకు పైకప్పుదే. మిగిలిన డబ్బుతో వేపచెట్టుకు దూరంగా కారుకు షెడ్డు వేయించారు.