ఎంట్రీ చిన్న చార్ట్‌లో తీసుకుంటే స్టాప్‌లాస్ ఏ చార్ట్‌ది?

2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. ఎగ్జిట్ పోల్స్ ఊపుతో ముందురోజు 23,263 దగ్గర ముగిసిన నిఫ్టీ ఆ ఒక్కరోజే దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ఆగింది. ఆ రాత్రి వీక్లీ చార్ట్ తెరిచినవాళ్లకు నిలువెత్తు ఎర్ర క్యాండిల్ కనిపించింది. ట్రెండ్ విరిగిపోయిందని చాలామంది అమ్ముకున్నారు. శుక్రవారం, 7వ తేదీన నిఫ్టీ ముగిసింది 23,290 దగ్గర. అంతకుముందు వారం ముగింపు 22,530 కన్నా అది చాలా పైనే. మంగళవారం చూసిన ఆ ఎర్ర క్యాండిల్‌లో మిగిలింది కింద వేలాడే పొడవాటి తోక మాత్రమే.

వీక్లీ ట్రెండ్‌ను రోజులోపు కదలికలు చూపే చిన్న చార్ట్‌తో కలిపి చూసేవాళ్లు మొదట తప్పేది ఇక్కడే. వారం మధ్యలో కనిపించే వీక్లీ క్యాండిల్ ఇంకా తయారవుతూనే ఉంటుంది. అందుకే నేను వారం చివరి ట్రేడింగ్ రోజు మధ్యాహ్నం 3.30 దాటాకే వీక్లీ చార్ట్ చదివి, ట్రెండ్ ఎటు ఉందో, ఏ ధర తెగితే అది తప్పని ఒప్పుకోవాలో కాగితం మీద రాసుకుంటాను. మళ్లీ వారం ముగిసేదాకా ఆ అభిప్రాయం మార్చను.

ఎంట్రీకి నేను వాడేది 75 నిమిషాల చార్ట్. మన మార్కెట్ ఉదయం 9.15 నుంచి 3.30 దాకా, అంటే 375 నిమిషాలు నడుస్తుంది. 75తో భాగిస్తే రోజుకు సరిగ్గా 5 క్యాండిళ్లు వస్తాయి. గంట చార్ట్‌లో అయితే చివరికి 15 నిమిషాల ముక్క ఒకటి మిగులుతుంది. దాన్ని మిగతా క్యాండిళ్లతో సమానంగా చదవడం పొరపాటు.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక ఊహా స్టాక్ తీసుకుందాం. వీక్లీ చార్ట్‌లో అది 920 దాకా వెళ్లి వెనక్కి వస్తోంది. పైకి సాగుతున్న 20 వారాల యావరేజ్ 840 దగ్గర ఉంది. 800 తెగితేనే ట్రెండ్ చెడినట్టు. ఇప్పుడు 75 నిమిషాల చార్ట్ చూస్తే కిందికే కనిపిస్తుంది. లేచిన ప్రతిసారీ ముందటికన్నా తక్కువలో ఆగిపోతోంది. కొత్తవాళ్లు ఇది చూసి రెండు చార్ట్‌లూ కలవలేదనుకుంటారు. వీక్లీ ట్రెండ్ పైకే ఉండి ధర కాస్త వెనక్కి తగ్గుతున్నప్పుడు చిన్న చార్ట్ ఇలాగే ఉండాలి. రెండూ ఒకేసారి జోరుగా పైకి కనిపిస్తున్నాయంటే అప్పటికే ధర 920 దగ్గరికి చేరి ఉంటుంది.

స్టాక్ 846 దాకా పడి తిరిగింది. చివరిసారి లేచి ఆగిన ధర 866. ఒక 75 నిమిషాల క్యాండిల్ దాని పైన 868 దగ్గర ముగిసింది. అక్కడ కొని 846 దగ్గర స్టాప్‌లాస్ పెడితే షేరుకు రిస్క్ 22 రూపాయలు, 920 దాకా లాభం 52. అదే స్టాప్ 800 దగ్గర పెడితే 52 కోసం 68 పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. చిన్న చార్ట్ చేసే మేలంతా ఈ తేడాలోనే ఉంది.

2 లక్షల పెట్టుబడిలో ఒక ట్రేడ్‌కు 1 శాతం, అంటే 2,000 రూపాయలు రిస్క్ అనుకుంటే 22 రూపాయల స్టాప్‌తో 90 షేర్లు కొనొచ్చు. 800 స్టాప్‌తో అయితే 29 మాత్రమే. ఇంతవరకూ అందరూ బాగానే చేస్తారు. ధర 846కి దిగినప్పుడే అసలు తప్పు జరుగుతుంది. "వీక్లీ ట్రెండ్ బాగానే ఉందిగా, 800 తెగలేదుగా" అని స్టాప్ తీసేస్తారు. 75 నిమిషాల లెక్కతో కొన్న 90 షేర్లను వీక్లీ స్టాప్‌తో మోస్తారు. 800 కూడా తెగితే పోయేది 6,120 రూపాయలు, అనుకున్నదానికి మూడింతలు. ఇలా నేనూ నష్టపోయాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఏ చార్ట్‌ను బట్టి షేర్ల సంఖ్య తేల్చుకున్నామో స్టాప్ కూడా ఆ చార్ట్‌దే.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. దగ్గరి స్టాప్ రాత్రికి రాత్రే వచ్చే గ్యాప్‌ను ఆపలేదు. మర్నాడు స్టాక్ 825 దగ్గర తెరుచుకుంటే నష్టం 3,870. అందుకే కంపెనీ ఫలితాల ముందురోజు ఈ ఎంట్రీ తీసుకోను.

స్టాప్ పడినంత మాత్రాన వీక్లీ అభిప్రాయం తప్పైపోదు. 800 నిలిచి ఉన్నంతకాలం 75 నిమిషాల చార్ట్‌లో మళ్లీ అదే మలుపు కోసం చూడొచ్చు. ధర 836 దాకా దిగి, మళ్లీ లేచి 852 దగ్గర ఎంట్రీ ఇస్తే రిస్క్ 16 రూపాయలు, అంటే 125 షేర్లు. రెండోసారీ స్టాప్ పడితే మాత్రం ఆ వారం ఇక ఆ స్టాక్ జోలికి వెళ్లను. శుక్రవారం క్యాండిల్ ముగిశాక వీక్లీ చార్ట్ మళ్లీ మొదటినుంచి చదువుతాను.