సవరణ: లేజీ ఐకి ముందు అద్దాలు, తర్వాతే ప్యాచ్

“మా పాపకు ఐదేళ్లు. ఎడమ కంటి చూపు 6/24. మీ పోస్టు చూసి కుడి కంటికి రోజంతా ప్యాచ్ వేస్తున్నాం, అద్దాలు తర్వాత చేయిద్దామని. ఫర్వాలేదా?” (బొబ్బిలి నుంచి ఒక తల్లి)

వద్దమ్మా, ప్యాచ్ ఇప్పుడే ఆపండి. లేజీ ఐ అంటే ఒక కన్ను పంపే బొమ్మను మెదడు పట్టించుకోకపోవడం. దానికి మంచి కన్ను ప్యాచ్‌తో రోజంతా మూయాలని, అద్దాలు తర్వాత చూసుకోవచ్చని అర్థమయ్యేలా పాత పోస్టు ఉంది. అందులోని ప్యాచ్ భాగాన్ని అందరూ ఇలా చదవండి.

ముందు కంట్లో చుక్కలు వేయించి పవర్ చూపించాలి. ఒక కంటికి ప్లస్ పవర్ బాగా ఎక్కువుంటే ఆ కంటి నుంచి మసక బొమ్మే వెళ్తుంది, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ మసక పోకుండా మంచి కన్ను మూస్తే పాపకు ఏమీ సరిగా కనబడదు, ప్యాచ్ పీకేస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ అద్దాలు పెడితే మూడు నాలుగు నెలల్లో చూపు పెరగొచ్చు. కొందరికి ప్యాచ్ అవసరమే రాదు.

పెరగడం ఆగితే, 6/24కి సాధారణంగా రోజుకు 2 గంటల ప్యాచ్ చాలు. చర్మానికే అతికించి, దానిపైన అద్దాలు పెట్టండి. అద్దాలకు గుడ్డ చుడితే పిల్లలు సందులోంచి తొంగి చూస్తారు. టీవీ ముందు తల పక్కకు తిప్పారంటే అదే. రోజంతా మూస్తే మంచి కంటి చూపే తగ్గే ప్రమాదం ఉంది, కాబట్టి ప్రతి చెకప్‌లో రెండు కళ్లూ చూపించాలి.

ఏడేళ్లలోపు మెదడు తేలిగ్గా మారుతుంది, ఫలితం ఎక్కువ. అలాగని ఎనిమిదేళ్ల బాబుకు “ఇక లాభం లేదు” అనుకోకండి. పన్నెండు వరకూ చాలామందికి కొంతైనా మెరుగవుతుంది. ప్యాచ్ మానేశాక కొందరికి చూపు మళ్లీ తగ్గుతుంది, ఏడాదిపాటు చూపిస్తూ ఉండండి.