ఒక్క అక్షరం కూడా మార్చకూడదట!

"ఆవిష్కరణ సభలో చదివే రచయితలకు నాలుగు సూత్రాలు: 1. పతాక సన్నివేశమే చదవండి. 2. అచ్చులో ఉన్నది ఒక్క అక్షరం మార్చకుండా చదవండి. కోత అంటే పాఠకుడికి ద్రోహం. 3. కాగితాలొద్దు, పుస్తకమే పట్టుకోండి. 4. ముందు కథ వివరించకండి."

ఈ వారంలో ఇది నాకు పంపిన ఐదుగురు మిత్రులకూ కలిపి ఒకటే జవాబు.

పతాక సన్నివేశం బరువంతా దాని ముందున్న పేజీలది. అవి ఇంకా ఎవరూ చదవలేదు కదా! ముక్కూ మొహం తెలియని మనిషి చచ్చిపోతుంటే సభ మర్యాదకి మౌనంగా కూర్చుంటుంది, అంతే.

మూడోది: పెద్ద అక్షరాల ప్రింటు తీసి పుస్తకంలో పెట్టుకోండి. ఎవరూ సోదా చెయ్యరు.

ఇక ఆ ద్రోహం సంగతి. నా నవలలో వాక్యం ఇది: "తలుపు తీసిన సుశీల, గొడుగు గోడకి ఆనించి, పెట్టె కింద పెట్టి, చెప్పులు విప్పుతూ లోపలికి చూస్తున్న అక్కని గుర్తుపట్టలేదు." కన్ను అయితే వెనక్కి వెళ్ళి సరిచూసుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. "అక్కని" అనేదాకా గొడుగూ పెట్టే సుశీలవే అనుకుంటారు. అందుకే సభలో ఇలా చదివాను: "సుశీల తలుపు తీసింది. బయట ఎవరో ఒకామె. గొడుగు గోడకి ఆనించింది, పెట్టె కింద పెట్టింది, చెప్పులు విప్పుతూ లోపలికి చూసింది. అక్క! సుశీల గుర్తుపట్టలేదు."

తర్వాత అక్కచెల్లెళ్ళ మాటలు. ప్రతి మాటకీ చివర "అంది". ఎవరంది? పేజీలో పేరా మారడం చూసి తెలుసుకుంటాం, వినేవాళ్ళకి పేరా కనబడదు. మూడు చోట్ల మాటకి ముందే పేరు చేర్చాను. మాటే మనిషిని పట్టిస్తున్న చోట "అంది" తీసేశాను. మూడో అధ్యాయంలోని ఉత్తరం ప్రస్తావన ఉన్న పేరా మొత్తం ఎగిరిపోయింది. పది నిమిషాలది ఆరున్నరకి దిగింది.

ఎక్కడ కొయ్యాలో ఫోన్ చెప్పింది. చదివి రికార్డు చేసుకుని, మర్నాడు కాగితం చూడకుండా విన్నాను. నా రాతే అయినా మనసు ఎటో పోయిన చోటల్లా గీత పెట్టాను. తొందరలో మొదట గొడుగు కూడా కోసేశాను. చివర్లో అక్క గొడుగు మర్చిపోయి వెళ్తుంది. ఇంట్లో వినిపిస్తే "గొడుగెక్కడిది?" అన్నారు. మళ్ళీ పెట్టాను. కోసిన ప్రతిని పుస్తకం చదవని మనిషికి వినిపించాలనేది అందుకే.

ఇంత ద్రోహం చేసినా అచ్చు ప్రతిలో ఒక్క అక్షరం చెదరలేదండోయ్. అక్కడే బల్ల మీద ఉంది, కొనుక్కోవచ్చు. పద్యమైతే మాత్రం చెయ్యి పెట్టను, గణం కుంటుతుంది.

నాలుగోది ఎవరు రాశారో గానీ, నిజం. పరిచయం మూడు వాక్యాలు దాటిందంటే ఎంచుకున్న భాగమే తప్పు. నేను మొదట అనుకున్నదానికి తొమ్మిది పట్టాయి. దాన్ని వదిలేసి వెతికితేనే ఈ సుశీల దొరికింది.